గ్రూపులో మెసేజ్‌ల గురించి చిన్న మనవి

అమలాపురం,
సెప్టెంబరు 7

హర్షిణి అమ్మగారికి,

నమస్కారమండి. ఐదో తరగతి పేరెంట్స్ గ్రూపు గురించి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. గ్రూపులోనే రాస్తే ఎవరినో వేలెత్తి చూపినట్టు ఉంటుందని మీకు విడిగా పెడుతున్నానండి. ఇంటి పనుల మధ్యే హోంవర్కు దగ్గర్నుంచి ఫీజు తేదీల దాకా మీరు ఎంతో ఓపిగ్గా అందిస్తున్నారు. ఆ గ్రూపు లేకపోతే మాకు స్కూలు సంగతులు సగం తెలిసేవి కావు.

ఇబ్బందల్లా అసలు మెసేజ్ కనపడకుండా పోవడమే. మొన్న వరదప్పుడు చూడండి. కాజ్‌వే మీదికి నీళ్లొచ్చాయి, లంకల వైపు బస్సు వెళ్లదు, పిల్లల్ని స్కూలు దగ్గరే ఉంచుతాం, వచ్చి తీసుకెళ్లండి అని మధ్యాహ్నం మేడమ్ పెట్టారు. దాని కింద వరసగా ఓకే సార్‌లు, థాంక్యూ మేడమ్‌లు. ఈలోగా ఎవరో 2022 జులై నాటి ధవళేశ్వరం వీడియో పెట్టి, మూడో ప్రమాద హెచ్చరిక ఇప్పుడే ఇచ్చారన్నారు. నిజానికి ఆ రోజు ఉన్నది మొదటి హెచ్చరికే. పది లక్షల క్యూసెక్కులెక్కడ, పదిహేడు లక్షలెక్కడ? లంకల్లో పిల్లలున్న వాళ్లకి ఆ కాసేపూ కాళ్లూ చేతులూ ఆడలేదు. మాకు తెలిసిన ఒక తాతగారైతే మనవరాలి కోసం చీకటి పడేదాకా బస్సు ఆగేచోటే నిలబడ్డారు. ఫోన్ ఆయన జేబులోనే ఉంది, మెసేజూ వచ్చే ఉంది. గులాబీ పూల గుడ్ మార్నింగులు, స్థలాల ప్రకటనలు, పుట్టినరోజు కేకుల మధ్య దాన్ని వెతుక్కోవడం ఆ పెద్దాయన వల్ల ఎలా అవుతుందండీ?

కువైట్, మస్కట్‌లలో ఉంటున్న నాన్నలు కూడా మన గ్రూపులో ఉన్నారు. డ్యూటీ దిగాక పిల్లల చదువు సంగతి చూసుకునేది వాళ్లు ఇందులోనే.

అందుకని నా మనవి ఇదండి. ఈ గ్రూపులో అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చి, క్లాస్ టీచర్ గారిని కూడా అడ్మిన్‌గా చేర్చండి. చూశామని చెప్పాలంటే మెసేజ్ మీదే బొటనవేలు గుర్తు పెడితే సరిపోతుంది. బస్సు, పరీక్షలు, సెలవుల మెసేజ్‌లను పైన పిన్ చేస్తే ఆలస్యంగా చూసేవాళ్లకీ దొరుకుతాయి. వరద, సెలవు కబుర్లు మాత్రం స్కూలు వాళ్లు చెబితేనే పెట్టుకుందాం.

శుభాకాంక్షలు, దేవుడి ఫొటోలు పంపేవాళ్లు అభిమానంతోనే పంపుతున్నారు, వాళ్ల మనసు కష్టపెట్టడం నాకూ ఇష్టం లేదు. వాటికి, మన కబుర్లకి వేరే గ్రూపు పెట్టుకుందాం. ఇష్టమున్నవాళ్లు అందులో చేరతారు. మీకు ఇప్పటికే పని ఎక్కువ కాబట్టి, సరేనంటే ఆ గ్రూపు పెట్టి చూసుకునే బాధ్యత నాదండి. దసరా సెలవుల లోపు మీ వీలు చూసుకుని ఏ సంగతీ చెప్పండి.

ఇట్లు,
సాత్విక్ వాళ్ల అమ్మ