విషయం: మిగిలిన నోటీసు కాలానికి బదులు సొమ్ము చెల్లించి, 2025 జూలై 11న రిలీవ్ కావడానికి ప్రతిపాదన

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారం.

నేను జూన్ 2న ఇచ్చిన రాజీనామాను మీరు ఆమోదిస్తూ పంపిన మెయిల్ అందింది. 90 రోజుల నోటీసు లెక్కన నా చివరి పనిదినం ఆగస్టు 30 అవుతుంది. అయితే విశాఖపట్నంలో కొత్త ఉద్యోగంలో జూలై 14న చేరవలసి ఉన్నందున, జూలై 11 శుక్రవారాన్ని నా చివరి పనిదినంగా ఖరారు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఆ తేదీకి 40 రోజుల నోటీసు పూర్తయి, 50 రోజులు మిగులుతాయి. నా ఖాతాలో ఉన్న 14 రోజుల ఆర్జిత సెలవులను అందులో సర్దుబాటు చేస్తే 36 రోజులకు చెల్లించాలి. నా నెల బేసిక్ 48,000 రూపాయలు, అంటే రోజుకు 1,600. ఆ లెక్కన 57,600 రూపాయలు చెల్లిస్తాను. తుది సెటిల్‌మెంటులో మినహాయించుకున్నా, ముందుగా బదిలీ చేయమన్నా నాకు అభ్యంతరం లేదు. సెలవుల సర్దుబాటు కుదరదంటే, 50 రోజులకు 80,000 మినహాయించుకుని, అవే సెలవులను బేసిక్ మీద నగదుగా మార్చి 22,400 ఇవ్వవచ్చు. ఎటు చూసినా తేలే మొత్తం ఒకటే కనుక, మీ రికార్డులకు ఏది సులువో దాన్నే ఎంచుకోండి.

మొన్న మాట్లాడినప్పుడు రికవరీ గ్రాస్ జీతం మీద, దానికి అదనంగా 18 శాతం జీఎస్టీతో ఉంటుందన్నారు. నా నియామక పత్రంలోని నోటీసు నిబంధనలో 'బేసిక్ జీతం' అనే స్పష్టంగా ఉంది. ఆ పేజీని జతచేస్తున్నాను. ఇక జీఎస్టీ సంగతి: ఉద్యోగి నుంచి వసూలు చేసే నోటీసు సొమ్ముపై ఆ పన్ను వర్తించదని కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు 2022 ఆగస్టు 3 నాటి 178/10/2022 సర్క్యులర్‌లో వివరించింది. మన కంపెనీ రిటర్నులు దాఖలు చేసేది నేనే కాబట్టి ఈ మాట కాస్త ధీమాగానే చెబుతున్నాను.

జూలై 11ను ఊరికే ఎంచుకోలేదు. జూన్ నెల జీఎస్టీఆర్-1కు గడువు ఆ రోజే; దాన్ని దాఖలు చేసే వెళతాను. 20వ తేదీలోగా వేయవలసిన 3బి కోసం ఇన్‌పుట్ క్రెడిట్ పట్టికను, ఇంకా బిల్లు అప్‌లోడ్ చేయని సరఫరాదారుల జాబితాతో సహా, నా సీటులోకి వచ్చే సహోద్యోగికి జూలై 9 నాటికి అప్పగిస్తాను. బ్యాంకు రికన్సిలియేషన్ జూన్ 30 వరకు ముగించి ఇస్తాను. ఆ తర్వాత ఏదైనా సందేహం వస్తే జూలై నెలాఖరు వరకు సాయంత్రాలు ఫోనులో అందుబాటులో ఉంటాను. అంతకు మించి మాట ఇవ్వలేను.

ఈ ప్రతిపాదన మీకు సమ్మతమైతే, మినహాయించే మొత్తాన్నీ చివరి పనిదినాన్నీ పేర్కొంటూ, రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం జూలై 11 సాయంత్రానికి ఇస్తామని జూన్ 20లోగా మెయిల్ ద్వారా తెలియజేయగలరు. కొత్త సంస్థకు చేరిక తేదీని ఆ లోపే ధ్రువీకరించవలసి ఉంది. మొత్తం విషయంలో మీకు వేరే లెక్క ఉంటే దాన్ని కూడా రాతపూర్వకంగానే పంపితే, ఫైనాన్స్ మేనేజర్ గారి సమక్షంలో కూర్చుని మాట్లాడుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
సీనియర్ అకౌంట్స్ ఆఫీసర్,
హైదరాబాద్ కార్యాలయం
2025 జూన్ 12

జత: నియామక పత్రంలో నోటీసు నిబంధన ఉన్న పేజీ, మే నెల పే స్లిప్