ఆత్రేయపురం పూతరేకుల తయారీ కేంద్రం: ఆరు నెలల మార్కెటింగ్ ప్రణాళిక

మన కేంద్రంలో ఐదుగురు మహిళలు రోజుకు సుమారు 400 పూతరేకులే చుట్టగలరు కనుక, అమ్మకాల సంఖ్యను కాక ఒక్కో పూతరేకుపై మిగులును పెంచడమే ఈ ప్రణాళిక లక్ష్యం.

దారిన పోతూ కొనేవారు ధరనే చూస్తారు. వారి కోసం పక్క దుకాణాలతో పోటీపడితే మిగిలేది ఉండదు. పెళ్లి సారెకు తీసుకునేవారు ముందుగా చెప్పి పెద్దమొత్తంలో కొంటారు. హైదరాబాద్‌లో స్థిరపడిన గోదావరి జిల్లాల కుటుంబాలు కొద్దికొద్దిగానే అయినా మళ్లీ మళ్లీ తెప్పించుకుంటాయి. ఈ చివరి రెండు వర్గాలనే ఎంచుకున్నాం.

వారికి మనమిచ్చే మాట ఒక్కటే: ఆర్డరు అందాకే చుట్టిన బెల్లం, నెయ్యి పూతరేకులు. 2023లో లభించిన భౌగోళిక గుర్తింపు ఊరందరిదీ. మనల్ని వేరుగా నిలిపేది పెట్టెపై ముద్రించే తయారీ తేదీ.

మొత్తం బడ్జెట్ రూ.60,000. సారె విషయంలో కుటుంబాలు వంట కాంట్రాక్టర్ల సలహా వింటాయి కాబట్టి, రాజమహేంద్రవరం, కాకినాడలలోని కాంట్రాక్టర్లకు నమూనా పెట్టెలు, కమిషన్ కోసం రూ.30,000 కేటాయిస్తున్నాం. పల్చటి రేకులు ప్రయాణంలో విరిగితే ఆ ఇంటి నుంచి రెండో ఆర్డరు రాదు. అందుకే గట్టి పెట్టెలకు రూ.18,000. మిగిలిన రూ.12,000 ఫొటోలకు, వాట్సాప్ కేటలాగ్ నిర్వహణకు. హోర్డింగులు మనకు అక్కర్లేని మొదటి వర్గాన్నే రప్పిస్తాయి కనుక వాటిని వదిలేశాం.

ప్రతి ఆర్డరుకూ మన గురించి ఎలా తెలిసిందో అడిగి రాసుకోవాలి. మూడు నెలల్లో కాంట్రాక్టర్ల ద్వారా 15 సారె ఆర్డర్లు రాకపోతే, వారికి కేటాయించిన దానిలో మిగిలిన సొమ్మును పాత కొనుగోలుదారులకు పండుగల ముందు పంపే నమూనాలకు మళ్లిస్తాం.