సైకలాజికల్ రిపోర్ట్, 5వ విభాగం: ఫార్ములేషన్

బాబు వయసు 9 ఏళ్ల 4 నెలలు. కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూల్లో నాలుగో తరగతి చదువుతున్నాడు. చదువులో వెనకబడ్డాడని, స్కూలంటే ఏడుస్తున్నాడని, పొద్దున పూట కడుపునొప్పి అంటున్నాడని, రాత్రి అమ్మ పక్కన లేకపోతే నిద్రపోవడం లేదని తల్లిదండ్రులు పిల్లల డాక్టరు సలహాతో తీసుకొచ్చారు. డాక్టరు పరీక్షల్లో కడుపునొప్పికి కారణమేదీ కనిపించలేదు. చూపు, వినికిడి బాగున్నాయి. స్కోర్ల పట్టిక 4వ విభాగంలో ఉంది.

బాబుకు చదవడంలో, రాయడంలో చిన్నప్పటి నుంచే ఇబ్బంది ఉంది. అది ఎవరికీ తెలియక బద్ధకంగా కనిపించింది. తిట్లు, పోలికలు పెరిగేకొద్దీ స్కూలంటే భయం పట్టుకుంది. దీనికి తోడు మే నెలలో తాతయ్య చనిపోయారు. ఆ దుఃఖం గురించి ఇంట్లో ఎవరూ వాడితో మాట్లాడలేదు. ఇప్పుడు చదువు భయమూ తాతయ్య లేని బెంగా కలిసిపోయి బయటికి ఒకే సమస్యలా కనిపిస్తున్నాయి. వీటిని విడదీసి చూడాలన్నది ఈ రిపోర్టులో నా ముఖ్యమైన అభిప్రాయం.

చదువు సంగతి ముందు. తెలివితేటలను కొలిచే మిసిక్ పరీక్షలో వెర్బల్ ఐక్యూ 106, పర్ఫార్మెన్స్ ఐక్యూ 111 వచ్చాయి. తెలివికి లోటు లేదు. అంకెలు విని తిరిగి చెప్పడం, గుర్తులను వేగంగా రాయడం మాత్రం మిగతావాటికంటే బాగా తక్కువ. నిమ్‌హాన్స్ ఎస్‌ఎల్‌డీ బ్యాటరీలో, అంటే చదువులోని ప్రత్యేక ఇబ్బందులను గుర్తించే పరీక్షల్లో, ఇంగ్లిష్ చదవడం, స్పెల్లింగ్ ఒకటో తరగతి స్థాయిలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ కావడమే దీనికి కారణమా అన్న అనుమానం తండ్రికి ఉంది. అది సరైన అనుమానమే. అందుకే రెండో తరగతి తెలుగు వాచకంలోని చిన్న కథ కూడా చదివించాను. గుణింతాల దగ్గర తడబడ్డాడు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగాడు. ‘పుస్తకం’ను ‘పుసకం’ అన్నాడు. ‘చెట్టు’ను మొదటి అక్షరం చూసి ‘చెరువు’ అనేశాడు. నాలుగో వాక్యానికి వచ్చేసరికి మంచినీళ్లు కావాలన్నాడు. ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుందని నోటితో అడిగినా చెప్పలేకపోయాడు. అదే కథను నేను చదివి వినిపిస్తే అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు. నక్క అబద్ధం ఎందుకు ఆడిందో నేను అడగకుండానే వివరించాడు. అంటే భాష వచ్చు, అర్థం చేసుకోగలడు. మాటను శబ్దాలుగా విడగొట్టి అక్షరాలతో జత చేసే చోటే చిక్కు ఉంది. ఈ చిక్కు రెండు భాషల్లోనూ ఉంది కాబట్టి మీడియం మార్చినంత మాత్రాన తీరదు.

మాటలు ఆలస్యంగా వచ్చాయని, రెండున్నరేళ్లు దాటాకే రెండేసి పదాలు కలిపి మాట్లాడాడని తల్లి చెప్పారు. తనకూ చిన్నప్పుడు చదవడం కష్టంగా ఉండేదని, ఇంటర్ మధ్యలో ఆపేశానని తండ్రి చెప్పారు. కుటుంబంలో ఇలాంటి ఇబ్బంది ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. ఎల్‌కేజీ ఏడాది కోవిడ్ వల్ల ఫోన్‌లోనే గడిచింది. ఆ నష్టం నిజమే. అదే ఏడాదిని అలాగే గడిపిన తోటి పిల్లలు ఇప్పటికి చదవగలుగుతున్నారు కనుక దాన్ని ముఖ్య కారణంగా తీసుకోలేను.

మూడో తరగతి దాకా పాఠాలు బట్టీ పట్టి నెట్టుకొచ్చాడు. అక్క చదువుతుంటే విని గుర్తుపెట్టుకునేవాడు. నాలుగో తరగతిలో పాఠాలు పెద్దవయ్యాయి, క్లాసులో నిలబడి పైకి చదవాల్సి వచ్చింది. ఒకసారి పిల్లలు నవ్వారు. ఆ మాట చెప్పేటప్పుడు బాబు నా వైపు చూడలేదు, చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు. కడుపునొప్పి మొదలైంది ఆ తర్వాతే.

తాతయ్య నల్గొండలో రాత్రి నిద్రలోనే చనిపోయారు. చిన్నపిల్లాడు తట్టుకోలేడని బాబును తీసుకెళ్లలేదు. కొన్నాళ్లు ‘తాతయ్య ఊళ్లో ఉన్నాడు’ అని చెప్పారు. ప్రేమతో చేసిన పనే అది. కానీ బాబుకు విషయం బంధువుల మాటల్లో తెలిసింది. అప్పటి నుంచి రాత్రి రెండు మూడుసార్లు లేచి అమ్మ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాడు. ఎందుకని అడిగితే, ‘పడుకుంటే ఊపిరి ఆగిపోతది కదా’ అన్నాడు.

ఈ రెంటినీ వేరుగా చూడమని చెప్పడానికి నాకున్న గట్టి ఆధారం దసరా సెలవులు. ఆ రోజుల్లో కడుపునొప్పి ఒక్కసారి కూడా రాలేదు. రాత్రి లేచి చూడటం మాత్రం తగ్గలేదు. కడుపునొప్పి స్కూలుతో ముడిపడింది, రాత్రి భయం తాతయ్య మరణంతో ముడిపడింది. పిల్లల్లో ఆందోళనను కొలిచే స్కేర్డ్ ప్రశ్నావళిని తల్లి నింపితే మొత్తం 34 వచ్చింది (25 లేదా ఆపైన వస్తే లోతుగా చూడాలి). అందులో విడిపోతానన్న భయానికి 9, స్కూలు తప్పించుకోవడానికి 6 ఉండటం కూడా దీనికి సరిపోతోంది.

సమస్య ఇన్ని నెలలు నిలిచిపోవడానికి ఎవరి తప్పూ కారణం కాదు, అందరి తాపత్రయమే కారణం. కడుపునొప్పి అనగానే తల్లి ఆ పూటకు ఇంట్లో ఉంచేస్తారు. పది గంటలకల్లా నొప్పి పోతుంది, మర్నాడు స్కూలు మరింత కష్టమవుతుంది. మార్కులు తగ్గాయని సాయంత్రం రెండు గంటల ట్యూషన్ పెట్టారు. అక్కడ చేయిస్తున్నది నోట్సు చూసి రాయడమే, అంటే వాడికి రాని పనినే ఎక్కువసేపు. నైట్ షిఫ్టుల అలసటలో తండ్రి ఒకటి రెండుసార్లు చెయ్యి చేసుకున్నానని, తర్వాత బాధపడ్డానని చెప్పారు. ఏడో తరగతిలో ఫస్ట్ వచ్చే అక్కతో పోలిక ఇంట్లో రోజూ వినిపిస్తుంది. వీటన్నిటి నుంచి బాబు తేల్చుకున్నది ‘నేను వేస్ట్’ అని. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన ఉందేమోనని నేరుగా అడిగాను, లేదన్నాడు. ఆటల్లో ఉత్సాహం, ఆకలి బాగానే ఉన్నాయి. డిప్రెషన్ అని చెప్పే లక్షణాలు ఇప్పుడు లేవు.

క్లాస్ టీచర్ ఏడీహెచ్‌డీ అనుమానించారు. క్లాసులో ధ్యాస ఉండదన్నది నిజమే. బొమ్మలు వేసేటప్పుడు, క్యారమ్స్ ఆడేటప్పుడు గంటసేపు కదలడు, ఇంట్లో నింపిన రేటింగ్‌లోనూ ఆ లక్షణాలు లేవు. ధ్యాస చెదిరేది అక్షరాలు ముందున్నప్పుడే కనుక ఇప్పుడు ఆ నిర్ధారణ ఇవ్వడం లేదు. చదువు కుదుటపడ్డాక కూడా అలాగే ఉంటే మళ్లీ చూడాలి.

బాబుకు బలాలు చాలా ఉన్నాయి. కథ చెప్పడం మొదలుపెడితే గొంతు మారుస్తాడు, చేతులతో చూపిస్తాడు. తాతయ్య దగ్గర నేర్చుకున్నదేనట. అపార్ట్‌మెంట్‌లో క్రికెట్ ఆడే దోస్తులున్నారు. అక్క విసుక్కోకుండా పాఠాలు చదివి వినిపిస్తుంది. క్లాస్ టీచర్ ఫోన్‌లో అరగంట మాట్లాడి, పైకి చదివించడం ఆ రోజు నుంచే ఆపేస్తానన్నారు. తనకూ చదవడం కష్టమయ్యేదని తండ్రి బాబు ఎదుట చెప్పినప్పుడు వాడు ‘నీకు కూడానా నాన్నా?’ అని దగ్గరికి జరిగాడు. చికిత్సలో తండ్రిని భాగం చేయాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఐసీడీ-11 ప్రకారం చదవడం, రాయడంలో ఇబ్బందితో కూడిన డెవలప్‌మెంటల్ లెర్నింగ్ డిజార్డర్, దానితో పాటు సెపరేషన్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే దగ్గరివాళ్ల నుంచి విడిపోతానన్న తీవ్ర భయం, ఉన్నాయని నిర్ధారిస్తున్నాను. ఎనిమిదేళ్లు దాటాయి కనుక 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ అవగాహన సరైనదైతే, శబ్దాల నుంచి అక్షరాలకు వెళ్లే ప్రత్యేక బోధన మొదలై, పైకి చదివించడం ఆగి, బాబు రోజూ స్కూలుకు వెళ్తుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కడుపునొప్పి తగ్గాలి. చదవడం అంత త్వరగా మెరుగుపడదు, దానికి నెలలు పడుతుంది. రాత్రి భయం దానంతటది తగ్గదు. తాతయ్య గురించి వాడితో మాట్లాడాలి, ఊరికి తీసుకెళ్లాలి, నిద్రకూ చావుకూ తేడా చెప్పాలి. కడుపునొప్పి తగ్గకపోతే ఇక్కడ రాసింది పొరపాటని ఒప్పుకుని మళ్లీ మొదటి నుంచి చూస్తాను. మూడు నెలల తర్వాత రివ్యూకు తల్లిదండ్రులిద్దరూ రావాలి. క్లాస్ టీచర్ రాసిన హాజరు, కడుపునొప్పి వివరాల కాగితం వెంట తీసుకురావాలి.