పార్శిల్ కోసే ముందు

అక్కలకు, చెల్లెండ్లకు నమస్తే. పొదుపు పైసల లెక్క అయిపోయింది కదా, చాయ్ వచ్చేదాక నాలుగు ముచ్చట్లు చెప్త.

పోయిన బతుకమ్మకు ఫోన్ల ప్రకటన చూసి పట్టుచీర బుక్ చేసిన. ఫోటోల పట్టు, ఇంటికొచ్చింది పాలిస్టర్. వాపస్ ఇద్దామంటే కవరు చింపి చెత్తబండిల ఏసిన. బిల్లు లేదు, ఆర్డర్ నంబర్ లేదు. పదమూడు వందలు మునిగినయి. మా ఆయన ఇంకా ఎత్తిపొడుస్తనే ఉన్నడు.

అప్పటిసంది పార్శిల్ రాంగనే కత్తెర కంటే ముందు ఫోన్ పట్టుకుంటున్న. నేను కోస్త, మా కోడలు వీడియో తీస్తది. ముందుగాల పైనున్న చీటీ కనవడాలె, నాలుగు దిక్కుల తిప్పి సీలు చూపియ్యాలె, తర్వాత కోయాలె. నడుమ ఆపద్దు. ఆపితిమా, 'మీరే మార్చిన్రు' అంటరు దుకాణపోళ్లు. బిల్లు, పైసలు కట్టిన స్క్రీన్‌షాట్, వాళ్లతోని చేసిన చాటింగ్, అన్నీ వాపస్ గడువు దాటేదాక ఉంచుండ్రి. మిక్సీ, కుక్కర్ అసొంటియి అయితే వారంటీ అయిపోయేదాక.

కొత్త దుకాణమైతే సరుకు చేతికొచ్చినంకనే పైసలు ఇచ్చుడు మేలు. కానీ కొందరు ఇంట్ల ఎవ్వరు బుక్ చేయని పార్శిల్ తెచ్చి పైసలు అడుగుతరు, ఇంట్ల అందరిని అడగనిదే తీసుకోవద్దు. మనకు పైసలు వచ్చేటందుకు యూపీఐ పిన్ అక్కర్లేదు. 'రీఫండ్ ఇస్తం, పిన్ కొట్టుండ్రి, క్యూఆర్ స్కాన్ చేయుండ్రి' అంటే అది దొంగతనమే. ఓటీపీ చెప్పే ముందు మెసేజ్ మొత్తం చదువుండ్రి. డెలివరీదైతే సరుకు చేతిల పడ్డంకనే చెప్పాలె, బ్యాంకుదైతే ఎవ్వరికి చెప్పద్దు. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్ల ఎతకద్దు, ఆ యాప్‌లనే చూడుండ్రి.

అడ్రస్ ముచ్చట. మనోళ్లు హన్మకొండ 506001, వరంగల్ 506002, కాజీపేట 506003 పిన్‌కోడ్లు కలగాపులగం చేస్తరు. పిన్‌కోడ్ సరిగ్గ చూసి, ఇంటి నంబరు, గల్లీ, దగ్గరున్న గుడో బడో రాస్తే చాలు. 'ఇంట్ల ఒక్కదాన్నే ఉంట, సాయంత్రం రా' అని మాత్రం రాయద్దు. 'మీ అడ్రస్ తప్పున్నది, ఈ లింకుల ఐదు రూపాయలు కట్టుండ్రి' అని మెసేజ్ వస్తది. ఐదు రూపాయలేనాయె అనుకుంటం. ఆ దొంగలకు గావాల్సింది ఆ ఐదు కాదు, మన కార్డు వివరాలు. ఇగ ఖాళీ డబ్బా పారేసేటప్పుడు దానిమీది చీటీ చింపుండ్రి, మన పేరు, ఫోన్ నంబరు అండ్లనే ఉంటయి.

ఒకవేళ పైసలు పోతే సిగ్గుపడి ఇంట్ల దాయద్దు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలె. ఎంత జల్ది చేస్తే ఆ పైసలు దొంగల ఖాతాలనే ఆపే తోవ అంత ఉంటది. సరుకు ఖరాబొచ్చి దుకాణపోళ్లు పలుకకపోతే 1915, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఫోన్లు తీయుండ్రి, ఈ రెండు నంబర్లు ఇప్పుడే ఎక్కించుకోండ్రి. ఎక్కించుడు రానోళ్లు నా పక్కకు రాండ్రి, నేను ఎక్కిస్త.