సర్కారు పాడుచేసిన సరుకుకి ఎవరు కట్టాలి?

పొదిలి వైపు ఒక శనగల వ్యాపారి. తనిఖీకి వచ్చిన అధికారులు స్టాకు రిజిస్టరులో లెక్క తేడా ఉందని బస్తాలు సీజ్ చేసి, పంచనామా రాసి, వేరే గోడౌనుకి తరలించారు. ఆ గోడౌను రేకులు కారతాయని చుట్టుపక్కల అందరికీ తెలుసు. తుపాను వానలు వచ్చి పోయాయి. చివరికి జాయింట్ కలెక్టరు దగ్గర కేసు తేలి, సరుకు తిరిగి ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆయన వెళ్లి ఒక బస్తా మూతి విప్పితే లోపల గింజ లేదు, పురుగు తినగా మిగిలిన పిండి. అడుగు వరస గోతాలు నేలకి అతుక్కుపోయి, లాగితే చిరిగిపోతున్నాయి. "సంతకం పెట్టి తీసుకెళ్లండి" అన్నారట. ఆయన సంతకం పెట్టకుండా ఒంగోలు వచ్చి నన్ను అడిగింది ఒకటే: "సర్కారు మీద దావా వేస్తే నిలబడుతుందా సార్?"

నిలబడుతుంది. అచ్చం ఇలాంటి గొడవ మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. ఎన్.నాగేంద్రరావు అండ్ కంపెనీ కేసు. 1975 ఆగస్టులో ఒక వ్యాపార సంస్థ ఎరువులు, ధాన్యం నిత్యావసర సరుకుల చట్టం కింద పట్టుకున్నారు. సరుకు పాడవకముందే అమ్మించాల్సిన అధికారి ఆ పని చేయలేదు. చాలా వరకు వదిలేయమని ఉత్తర్వు వచ్చేసరికి ఎరువు ఎందుకూ పనికిరాకుండా పోయింది. వ్యాపారి దాన్ని తీసుకోనని నష్టపరిహారానికి దావా వేశాడు. కింది కోర్టు డిక్రీ ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది, 1994లో సుప్రీంకోర్టు మళ్లీ వ్యాపారి వైపే తీర్పు చెప్పింది.

హైకోర్టు ఎందుకు కొట్టేసిందో తెలియాలంటే 1965 నాటి కస్తూరిలాల్ కేసు తెలియాలి. 1947 సెప్టెంబరులో అమృత్‌సర్ నగల వ్యాపారి ఒకరు మీరట్ వెళ్లారు. దొంగసొత్తు అన్న అనుమానంతో పోలీసులు ఆయన్ని పట్టుకుని, నూరు తులాలకు పైగా బంగారం, దానితోపాటు వెండి ఠాణాలో పెట్టారు. మర్నాడు మనిషిని వదిలారు, వెండి ఇచ్చారు. బంగారం మాత్రం హెడ్ కానిస్టేబులు ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయాడు. పోలీసులు నిర్లక్ష్యంగా ఉన్నారని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా అరెస్టు, స్వాధీనం అనేవి రాజ్యం తన సార్వభౌమాధికారంతో చేసే పనులు కాబట్టి పరిహారం రాదంది. చట్టసభ ఈ విషయంలో చట్టం చేస్తే బాగుంటుందని కూడా ఆ తీర్పులోనే అంది. బంగారం పోయినవాడికి దక్కింది ఆ మాట ఒక్కటే. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ తీర్పు మింగుడు పడదు.

దీని వేరు కంపెనీ పాలనలో ఉంది. రాజ్యాంగం 300వ అధికరణ ప్రకారం ప్రభుత్వం మీద దావా వేయవచ్చు. ఎంతవరకు వేయవచ్చో తెలుసుకోవాలంటే మాత్రం పాత చట్టాల మెట్లు దిగుతూ 1858దాకా, ఈస్టిండియా కంపెనీ మీద ఏ దావాలు చెల్లేవో అక్కడిదాకా వెళ్లాలి. 1861లో కలకత్తాలో, సర్కారీ డాక్‌యార్డు కూలీలు మోస్తున్న ఇనుము వల్ల ఒక ఆవిరి నౌకల కంపెనీ బండి గుర్రానికి గాయమైంది. పరిహారం ఇవ్వాల్సిందే అంది కోర్టు. కానీ ఆ తీర్పులోనే, ప్రభుత్వం వ్యాపారిలా చేసే పనులు వేరు, పాలకుడిగా చేసే పనులు వేరు అనే గీత కూడా పడింది. 1882లో ఉప్పు సుంకం గొడవలో మన మద్రాసు హైకోర్టు ఆ గీతను ఒప్పుకోలేదు. అప్పట్లో నెల్లూరు, ఒంగోలు ఆ హైకోర్టు కిందే ఉండేవి. చట్టం పేరు చెప్పి చేసిన పనికి ప్రభుత్వం కోర్టులో జవాబు చెప్పాలి, పరాయి రాజ్యాలతో వ్యవహారం లాంటివే దానికి బయట అని ఆ తీర్పు సారం. ఈ మాటే గట్టిగా పట్టుకుని ఉంటే ఇంతమంది నష్టపోయేవాళ్లు కాదు.

స్వతంత్రం వచ్చాక 1962లో విద్యావతి కేసులో కాస్త వెలుతురు కనిపించింది. ఉదయపూర్‌లో కలెక్టరు జీపు రిపేరు నుంచి తిరిగి వస్తూ ఒక మనిషిని గుద్ది చంపితే ప్రభుత్వం బాధ్యత వహించాలన్నారు. మూడేళ్లకే కస్తూరిలాల్ వచ్చి పడింది.

నాగేంద్రరావు తీర్పు దీన్ని దాదాపు ఖాళీ చేసేసింది. సంక్షేమ రాజ్యంలో ప్రభుత్వం చేయని పనంటూ లేదు, కాబట్టి పాత గీత పనికిరాదంది. న్యాయపాలన, శాంతిభద్రతలు లాంటి, ప్రభుత్వం తప్ప మరొకరు చేయలేని మౌలిక పనులకే రక్షణ మిగిలింది. సరుకు సీజ్ చేసి ఎండకీ వానకీ వదిలేయడం ఆ జాబితాలో లేదు.

ఆ మిగిలినదానికీ 2000లో గండి పడింది. అదీ మన రాష్ట్రం కేసే. 1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద రాత్రిపూట బాంబులు పడ్డాయి. రిమాండులో ఉన్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ప్రాణభయం ఉందని వాళ్లు ముందే మొరపెట్టుకున్నా కాపలా సరిగా పెట్టలేదు. జైలు నడపడం సార్వభౌమ పని అని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు 1,44,000 రూపాయల పరిహారం ఇచ్చింది, సుప్రీంకోర్టు ఖాయం చేసింది. బతికే హక్కు ముందు ఆ వాదన నిలవదని, కస్తూరిలాల్ తీర్పుకి ఇక బలం లేదని చెప్పింది.

ఇంతలో, హక్కులు భంగమైతే నేరుగా హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లే రిట్ల దారి కూడా తెరుచుకుంది. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు బీహారు జైల్లో ఉండిపోయిన రుదుల్ సాకు 1983లో పరిహారం ఇప్పించారు. పోలీసు కస్టడీ నుంచి కొడుకు శవమై దొరికిన ఒడిశా తల్లి నీలాబతి బెహరాకు 1993లో లక్షన్నర ఇప్పించారు. అది సివిల్ దావాలో వచ్చే పరిహారం లాంటిది కాదని, ప్రాథమిక హక్కు భంగమైతే సార్వభౌమ రక్షణ అనే మాటే అక్కడికి రాదని ఆ తీర్పులో స్పష్టం చేశారు.

అయినా దారి సాఫీగా లేదు. కస్తూరిలాల్‌ను అంతకంటే పెద్ద బెంచి లాంఛనంగా కొట్టేయలేదు, అందుకే ప్రభుత్వ ప్లీడర్లు కౌంటరులో ఈ రోజుకీ ఆ పేరు రాస్తారు. లా కమిషన్ తన మొదటి నివేదికలోనే, 1956లో, చట్టం చేయమని చెప్పింది. అరవయ్యో దశకంలో బిల్లులు వచ్చాయి, మురిగిపోయాయి. ఇంగ్లండు 1947లోనే తన చట్టం మార్చుకుంది. వాళ్ల దగ్గర నేర్చుకున్న రక్షణను వాళ్లు వదిలేశాక కూడా మనం పట్టుకుని ఉండడం అన్యాయం. చట్టం లేకపోబట్టే ఒక్కో పేదవాడూ హైకోర్టుదాకా నడవాల్సి వస్తోంది.

పొదిలి వ్యాపారికి రిట్ కంటే దావా మేలు. ఎన్ని బస్తాలు, ఎంత ధర, ఎప్పుడు తడిశాయి అన్నవి సాక్ష్యంతో తేలాలి, రిట్‌లో అవి తేలవు. ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద జిల్లా కలెక్టరుకి నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. చట్టం కింద చేసిన పనికి పరిహారం అడిగితే గడువు ఏడాదే అని లిమిటేషన్ చట్టం 72వ అధికరణ చూపించి అడ్డం పెడతారు. కోయిలకుంట్ల కేసులోనూ అదే అడ్డం పెట్టారు, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అయినా ఆ వాదనకి చోటివ్వకుండా ఏడాదిలోపే వేయడం మంచిది, నోటీసుకి ఆగిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు.

పంచనామా నకలు, సీజ్ నాటి మార్కెట్ యార్డు ధర పట్టీ, గోడౌను ఫొటోలు ఆయన తెచ్చిచ్చారు. పాడైన సరుకు తీసుకోవడానికి నిరాకరిస్తున్నానని రాసిన కాగితం మీద ఆఫీసు ముద్ర వేయించుకోమన్నాను. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దాచుకోవాలి. నోటీసు ఈ వారమే వెళుతోంది.