బయటకు రావలెను

రేపల్లెలో ఆ హాలుకి ఆఖరి ఆట ఆదివారం సెకండ్ షో. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు హాలు నడిపే చినబాబు. "చెబితే సెల్ఫీలకి వస్తారు బాబాయ్, టికెట్ మాత్రం కొనరు" అన్నాడు. అదీ నిజమే. సోమవారం నుంచి కుర్చీలు పీకుతారు. పెళ్లిళ్ల సీజనుకి ఫంక్షన్ హాలు సిద్ధం కావాలి.

ఆపరేటర్ సాంబశివరావు క్యాబిన్ మెట్లెక్కి వచ్చేసరికి శివ సెల్లు చూసుకుంటున్నాడు.

"కీ వచ్చిందిరా?"

"వచ్చింది తాతా. గురువారం దాకా ఉంది."

"గురువారం దాకా మనమే లేము."

శివ నవ్వాడు. వాడికి తెనాలిలో మూడు స్క్రీన్ల చోట ఉద్యోగం దొరికింది. తెర లేచే ముందు వేసే వెంకటేశ్వరస్వామి పాట అయిపోగానే వాడు ఒక బటన్ నొక్కాడు. సినిమా మొదలైంది. ఇక చేసే పని లేదు. ఈ డిజిటల్ డబ్బా వచ్చినప్పటి నుంచీ ఇంతే. సినిమా తెరుచుకోవడానికి పంపే ఆ కీ అందకపోతే షో పడదు, అందితే మనిషి అక్కర్లేదు. సాంబశివరావు కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూశాడు. బాల్కనీలో ఆరుగురు, కింద పదిహేడు మంది. హీరో ఎంట్రీకి ఒక్క ఈల పడింది, అదీ సగంలో ఆగిపోయింది.

క్యాబిన్‌లో వెనక గోడ వైపు పాత మిషన్లు రెండూ పక్కపక్కనే పట్టా కప్పుకుని ఉన్నాయి. ఇనుము కొట్టు అతను మొన్న వచ్చి చేత్తో తట్టి చూసి, కిలో లెక్కన కాదు, రెండూ కలిపి గుత్తగా ఇవ్వమన్నాడు. బేరం ఇంకా తెగలేదు.

"రెండు మిషన్లెందుకు తాతా? ఒకటి పాడైతే ఇంకోటా?" అన్నాడు శివ. మూడేళ్లుగా ఇక్కడే ఉన్నా ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

"ఒకటి అయిపోతుంటే ఇంకోటి అందుకోవడానికి. రీలు ఇరవై నిమిషాలు వస్తుంది. అయిపోయే ముందు తెర మీద కుడివైపు పైమూలన చుక్క పడుద్ది. చుక్క పడగానే రెండో మిషను మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క. అప్పుడు దీని వెలుగు మూసి దానిది తెరవాలి. జనానికి తెలియకూడదు."

"తెలిస్తే?"

"తెలిస్తే మా అమ్మనీ అక్కనీ తలుచుకుంటారు."

ఆ రోజుల్లో వెలుగు కూడా ఊరికే రాదు. రెండు కార్బన్ పుల్లలు ఎదురెదురుగా పెట్టి ముట్టిస్తే మధ్యలో మంట లేస్తుంది. పుల్లలు కాలి పొట్టివవుతుంటే నల్లద్దంలోంచి చూస్తూ దగ్గరికి జరుపుతూనే ఉండాలి. ఏమరిస్తే తెర ఎర్రబడేది, కింద నేల టికెట్ వాళ్లు బల్లలు విరగ్గొట్టేవాళ్లు. ఒక మిషను ఆడుతుంటే, అయిపోయిన రీలు వెనక్కి చుట్టాలి, తర్వాతది ఎక్కించాలి, గేటు తుడవాలి. ఒంటికి వెళ్లడానికి కూడా రీలు మార్చాకే పరుగు. బెజవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి వచ్చిన పెట్టెలో ప్రింటు పాతదైతే అతుకులన్నీ ముందే చేత్తో తడిమి చూసుకోవాలి. అతని చూపుడువేలు చివర ఇప్పటికీ గరుగ్గానే ఉంటుంది.

శివ మూలనున్న రేకు పెట్టె మూత తీశాడు. లోపల కాగితాల మధ్య అద్దం ముక్కలు. పొగ త్రాగరాదు. నేడే విడుదల. బంగారం కొట్టు, బట్టల కొట్టు. వాటి కింద నాలుగైదు ఖాళీ అద్దాలు.

"ఇవేంటి?"

"స్లైడ్లు. సెల్‌ఫోన్లు లేవు కదరా అప్పుడు. ఇంటి దగ్గర ఎవరికన్నా ఏదన్నా అయితే గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. గేట్ మస్తాన్ చీటీ రాసి పంపేవాడు. నేను అద్దానికి దీపం మసి పట్టించి, సూదితో గీసి, తెర మీద వేసేవాణ్ని. ఫలానా గారు బయటకు రావలెను. ఒక నెలలో అయితే రోజుకొకటి. పురుడు, చావు, తమ్ముడు ఊర్నుంచి దిగాడనీ, బీగాలు నీ జేబులోనే ఉన్నాయనీ. ఒకసారి ఒకడి పేరు వేస్తే ముగ్గురు లేచిపోయారు. ఆ పేరు ఊళ్లో ముగ్గురికి ఉంది."

శివ పడీ పడీ నవ్వాడు. సాంబశివరావు నవ్వలేదు.

మస్తాన్ ఒకసారి చీటీ పంపకుండా తనే మెట్లెక్కి వచ్చాడు. కొత్త సినిమా మొదటి వారం, హాలు కిక్కిరిసి ఉంది, అసిస్టెంటు సెలవు. "సాంబయ్యా, మీ ఆవిణ్ని ఆసుపత్రికి తీసుకుపోయారంట. మీ బావమరిది కింద ఉన్నాడు." చేతిలో ఫిలిం కొస ఉంది. "ఈ రీలు అయ్యాక వస్తానని చెప్పు" అన్నాడు. ఆ రీలు అయ్యాక ఇంకో రీలు. వెళ్లేసరికి ఒంటిగంటన్నర. పెద్దమ్మాయి పుట్టి మూడు గంటలైంది. కోటేశ్వరమ్మ ఆ రోజు ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచీ మాత్రం అంటూనే ఉంది. ఆ పిల్ల పెళ్లిలో కూడా అంది.

సాంబశివరావు ఖాళీ అద్దం ఒకటి తీసుకున్నాడు. దేవుడి పటం దగ్గర దీపం మీద పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మసి సమానంగా పట్టింది. చొక్కా గుండీ దగ్గరున్న పిన్నీసు తీసి గీయడం మొదలుపెట్టాడు. చేయి కాస్త వణికింది గానీ అక్షరం గుండ్రంగానే వచ్చింది.

"ఆ స్లైడ్ మిషను పని చేస్తదా?" అన్నాడు శివ.

"బల్బు ఉంది. చూద్దాం. తలకిందులుగా పెట్టాలి, అదొక్కటి గుర్తుపెట్టుకో."

ఇంటర్వెల్ పడింది. లైట్లు వెలిగే లోపే తెర మీద నల్లటి చదరం, అందులో తెల్లటి అక్షరాలు:

ఆపరేటర్ సాంబశివరావు గారు, మీ కొరకు గేటు వద్ద వేచియున్నారు. వెంటనే బయటకు రావలెను.

కింద రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఎవడో గట్టిగా ఈల వేశాడు. "ఒరేయ్ ఆపరేటరూ, పిలుస్తున్నారంట, వెళ్లరా!" అని ఇంకొకడు అరిచాడు. హాలంతా నవ్వింది. ఇవాళ్టి మొత్తం ఆటలో జనం నోరు తెరిచింది అప్పుడే.

సెల్లు మోగింది. చినబాబు.

"బాబాయ్, గేటు దగ్గర ఎవరూ లేరే! ఎవరు వేయమన్నారు ఆ స్లైడు?"

"మస్తాన్ వేయమన్నాడు."

"మస్తాన్ పోయి పదేళ్లయింది బాబాయ్."

"అవును. లేటయింది" అని ఫోన్ పెట్టేశాడు.

గోడకి మేకున ఉన్న ఆపరేటర్ లైసెన్సు ఫ్రేము తీసి చంకలో పెట్టుకున్నాడు. శివ కంగారుపడ్డాడు. "సెకండాఫ్ ఎవరు చూస్తారు తాతా?"

"అదే చూసుకుంటది. నువ్వు నిద్రపోకు. అయిపోయాక లాంపు చల్లారేదాకా ఫ్యాను ఆపకు."

సైకిల్ స్టాండులో ఉన్నదే తొమ్మిది బళ్లు. తన సైకిల్ తీసుకుని రైల్వే స్టేషన్ రోడ్డు మీదుగా తొక్కాడు. సోడా బండి అతను "ఏం సాంబయ్యా, కరెంటు పోయిందా?" అని అడిగాడు. ఇంటి వీధిలో మలుపు తిరిగాక కుక్క మొరిగింది. ఈ వేళకి అతన్ని అది ఎరగదు.

తలుపు తీసే ఉంది. కోటేశ్వరమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని టీవీలో పాత సినిమా చూస్తోంది. తల తిప్పింది.

"ఏంది, మిషను పాడైందా?"

"లేదు. ఆడుతోంది."

"మరి నువ్వొచ్చావేంది?"

"పిలిచారు, వచ్చా. అన్నం పెట్టు."

ఆమె ఫ్రేము వంక చూసింది, అతని మొహం వంక చూసింది. మళ్లీ టీవీ వైపు తిరిగింది.

"ఇదింకో ఇరవై నిమిషాలుంది. అయ్యాక పెడతా, కూర్చో."