గ్రూపులో పెట్టే ముందు ఇది ఒకసారి చూడండి సార్

సార్, రాత్రి మీరు పంపిన మెసేజ్ చదివాను. తప్పులుంటే సరిచేసి పొద్దున ప్యాకింగ్ గ్రూపులో పెట్టేయమన్నారు. అక్షర దోషాలు పెద్దగా లేవు గానీ, ఇది ఇలాగే వెళ్తే మనవాళ్లు బాగా నొచ్చుకుంటారు, అందుకే పెట్టకుండా ఆపాను. మీరు చెప్పదలచుకున్న విషయం అలాగే ఉంచి, చెప్పే తీరు మార్చి కింద రాశాను.

మీరు రాసింది ఇదీ:

"డియర్ ఛాంపియన్స్! గత నెల టార్గెట్ అందుకోలేకపోయాం, అయినా నిరాశ పడకండి, తప్పుల నుంచే నేర్చుకుంటాం! మీలో ఎంత శక్తి ఉందో మీకే తెలియదు. కంఫర్ట్ జోన్ నుంచి బయటికి రండి, కాస్త మనసు పెట్టి పని చేయండి, స్పీడు దానంతట అదే పెరుగుతుంది. మెషీన్‌ని సొంత బిడ్డలా చూసుకోండి. ఫోన్లు పక్కన పెట్టండి, టైముకి రండి. ఏ డౌట్ వచ్చినా భయపడకుండా నన్ను అడగండి, నేను నేర్పిస్తాను. మీరందరూ నా కుటుంబం. చేయగలం, చేసి చూపిద్దాం!"

దీన్ని చదివేది ఎవరో చూడండి. 2 షిఫ్టులూ కలిపి 11 మంది, అందులో 9 మంది సర్వీసులో 15 ఏళ్లు దాటినవాళ్లే, ఈ లైన్ బిగించిన రోజున పక్కన నిలబడి ఉన్నవాళ్లు 4గురు ఇంకా ఇక్కడే ఉన్నారు. మెషీన్ చప్పుడు కొంచెం మారితే చాలు, స్క్రీన్ మీద అలారం రాకముందే కట్టర్ దగ్గరికి చెయ్యి వెళ్లిపోయే మనుషులు వాళ్లు. వాళ్ల శక్తి వాళ్లకు తెలియదని మనం చెబితే ఎలా ఉంటుంది?

అన్నిటికంటే గుచ్చుకునేది స్పీడు మాట. నిమిషానికి 60 పౌచ్‌ల నుంచి 45కి తగ్గింది మనసు పెట్టక కాదు సార్, పెట్టబట్టే. కొత్త సప్లయర్ ఫిల్మ్ రోల్స్ వచ్చిన దగ్గర్నుంచీ పాత టెంపరేచర్‌లో సీలు సరిగా అతకడం లేదు, వేడి పెంచుదామంటే ఫిల్మ్ ముడత పడి సీలు వేసే జా మీద అంటుకుంటోంది. సీలుకి వేడి, ఒత్తిడి, పట్టి ఉంచే టైము మూడూ కుదరాలి కదా, వేడి ఇంక పెంచలేనప్పుడు జా పట్టి ఉంచే టైమన్నా పెంచాలి, అంటే స్పీడు తగ్గించాలి. వాళ్లు చేసింది అదే. ఒక్కో స్పీడులో పౌచ్‌లు తీసి, లీక్ టెస్ట్‌లో నీళ్లలో ముంచి, బుడగలు ఆగిన చోట స్పీడు నిలబెట్టారు. ఇదంతా 6వ తేదీన ఒకసారి, 11న ఒకసారి లాగ్‌బుక్‌లో రాశారు కూడా. రెండింటి కిందా మన ఆఫీసు సంతకం ఉంది, జవాబు లేదు. నెల మొత్తంలో లీకేజీ కంప్లయింట్ ఒక్కటి కూడా రాలేదంటే అది వాళ్ల చలవే, మనం ఆ నెల గురించే వాళ్లకి తప్పుల నుంచి నేర్చుకోమని చెబుతున్నాం.

ఫోన్లు, టైము సంగతి ఒకరిద్దరిది. వాళ్లను విడిగా పిలిచి మాట్లాడదాం, నేనూ ఉంటాను. అందరికీ కలిపి రాస్తే రోజూ 10 నిమిషాల ముందే వచ్చేవాళ్లు ముందు బాధపడతారు. కుటుంబం, బిడ్డ లాంటి మాటలు తీసేశాను. "నేర్పిస్తాను" అన్నది కూడా వద్దు సార్, మీరు వచ్చి 4 నెలలే అయింది, ఈ లైన్ విషయంలో మీరు వాళ్లను అడిగితేనే వాళ్లకు మీ మీద గురి కుదురుతుంది.

ఇదీ నేను రాసింది:

"అందరికీ నమస్కారం.

గత నెల 42 వేల పెట్టెలు వెళ్లాల్సింది, 34 వేలు వెళ్లాయి. ఎందుకు తగ్గిందో లాగ్‌బుక్ చదివాక నాకు అర్థమైంది. కొత్త ఫిల్మ్‌తో సీలు నిలవడం లేదని చూసి మీరు స్పీడు తగ్గించారు, అందువల్లే ఒక్క లీకేజీ కంప్లయింట్ కూడా రాలేదు. అది సరైన నిర్ణయం. 6న, 11న మీరు రాసినవాటికి ఆఫీసు నుంచి జవాబు రాకపోవడం మా వైపు పొరపాటు, అందుకు క్షమించండి. ఇకనుంచి లాగ్‌బుక్‌లో మీరు రాసినదానికి మర్నాటికల్లా కింద నా జవాబు ఉంటుంది.

ఈ నెల 40 వేల పెట్టెలు పంపాలి. దానికి మా వైపు నుంచి జరిగేవి ఇవి. ఫిల్మ్ సప్లయర్ టెక్నీషియన్ గురువారం మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి లైన్ దగ్గరికి వస్తున్నారు, సమస్య ఏమిటో మీరే చూపించండి, ట్రయల్ కూడా మీరు చెప్పిన సెట్టింగులతోనే మొదలుపెడదాం. గోడౌన్‌లో మిగిలిన పాత ఫిల్మ్ రోల్స్ అర్జెంట్ ఆర్డర్లకే వాడదాం. జా మీది టెఫ్లాన్ టేప్ కోసం ఇకమీదట నా సంతకం అక్కర్లేదు, రాత్రి వేళయినా స్టోర్స్‌లో అడిగి తీసుకోండి. ఫిల్మ్ సంగతి తేలేదాకా స్పీడు ఎంత ఉండాలన్నది లైన్ మీదున్న ఆపరేటర్ ఇష్టం, లీక్ టెస్ట్ పాసయ్యే స్పీడే మన స్పీడు, ఎందుకు తగ్గించారని ఎవరూ అడగరు.

మీ నుంచి నాకు కావాల్సింది సైజు మార్పిడి విషయంలో. 200 గ్రాముల నుంచి 500 గ్రాములకి మార్చేటప్పుడు ఒకసారి 40 నిమిషాల్లో అయిపోతోంది, ఇంకోసారి గంటంపావు పడుతోంది. కాలర్ దొరక్క ఆగుతున్నారా, ఫిట్టర్ రాక ఆగుతున్నారా, మొదటి కొన్ని పౌచ్‌ల బరువు కుదరక ఆగుతున్నారా అన్నది చేసేవాళ్లకే తెలుస్తుంది. శనివారం షిఫ్టు మారే టైములో ఒక అరగంట కూర్చుందాం, మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. ఆ అరగంటకి ఓవర్‌టైమ్ ఉంటుంది.

40 వేలు కుదరదని మీకు అనిపిస్తే శనివారమే చెప్పేయండి. తేదీల గురించి కస్టమర్‌తో నేను మాట్లాడతాను."

ఇదీ సార్. ఇందులో మీరు నిజంగా చేయగలిగినవే ఉంచండి, ఏదైనా కుదరదనిపిస్తే ఆ వాక్యం కొట్టేయండి, మాట ఇచ్చి తప్పడం కంటే అసలు ఇవ్వకపోవడం నయం. గురువారం సంగతి పర్చేజ్ వాళ్లు నిన్న సాయంత్రమే ఖాయం చేశారు. టెఫ్లాన్ టేప్ గురించి స్టోర్స్‌కి మీరొక ఫోన్ చేయాలి, ఓవర్‌టైమ్‌కి హెచ్‌ఆర్‌తో ఒక మాట అనుకోవాలి, ఈ రెండూ అయ్యేదాకా మెసేజ్ నా దగ్గరే ఆపి ఉంచుతాను. వీలైతే గ్రూపులో పెట్టే ముందు మధ్యాహ్నం 2కి లైన్ దగ్గరికి రండి, అప్పుడు 2 షిఫ్టులవాళ్లూ ఉంటారు, ఫిల్మ్ గురించీ లాగ్‌బుక్ గురించీ రాసిన మొదటి పేరా మీ నోటితో చెప్పండి, మిగతాది వాళ్లు ఫోన్‌లో చదువుకుంటారు.